కాల్షియం లేని ద్రావణంలో నరానికి షాక్ ఇస్తే కండరం కదలదు, నేరుగా ఇస్తే లాగుతుంది. ఎందుకు?

సౌమ్య:
అందరికీ నమస్కారం. ఫిజియాలజీ ప్రాక్టికల్ ప్రశ్నల్లో ఒకటి ఎంతకీ తెగడం లేదు. కప్ప పిక్క కండరాన్ని నరంతో సహా తీసి రింగర్ ద్రావణంలో ఉంచారు. నరానికి షాక్ ఇచ్చినా, కండరానికే నేరుగా ఇచ్చినా అది ఎగిరిపడుతోంది. తర్వాత ఆ ద్రావణం తీసేసి, కాల్షియం కలపనిది పోశారు. కాసేపటికి నరానికి ఎంత షాక్ ఇచ్చినా ఉలుకూ పలుకూ లేదు. కండరానికి నేరుగా ఇస్తే మాత్రం ఇంచుమించు మునుపటిలాగే లాగుతోంది. కాల్షియం ట్రోపోనిన్‌ని పట్టుకుంటేనే కదా మయోసిన్ తలలకు ఆక్టిన్ అందేది? కాల్షియం లేకపోతే రెండూ ఆగాలి, ఉంటే రెండూ నడవాలి. ఒకటే ఎందుకు ఆగింది?

నవీన్:
సరిగ్గా కడగలేదు, అంతే. నారుల మధ్య సందుల్లో పాత కాల్షియం మిగిలి ఉంటుంది. షాక్ ఇవ్వగానే అది లోపలికి వెళ్లి పని చేస్తుంది. నరం చివర దగ్గర ముందే అయిపోయి ఉంటుంది. గుండెతో చూడండి, బయట కాల్షియం తీసేస్తే కొట్టుకోవడం ఆగిపోతుంది. రింగర్ 1883లోనే చూపించాడు. కాలి కండరమూ కండరమే కదా.

వెంకటలక్ష్మి:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నాకు రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తాయి. కాల్షియం తక్కువై ఉంటుందని బిళ్లలు వేసుకోమన్నారు. మీరేమో కాల్షియం తీసేస్తే కండరం కదలదంటున్నారు. తక్కువైతే పట్టేస్తుందా, కదలకుండా పోతుందా?

ప్రసాద్:
సౌమ్య గారూ, ఈ కథలో కాల్షియం రెండు చోట్ల పని చేస్తుంది. ఆ రెండు చోట్లకీ అది వచ్చే దారులు వేరు. మీ ప్రశ్న ముడి అక్కడే ఉంది.

మొదటిది నరం చివర. సంకేతం అక్కడికి చేరగానే చివరి పొరలోని కాల్షియం ద్వారాలు తెరుచుకుంటాయి. బయటి ద్రావణంలోని కాల్షియం లోపలికి దూకితేనే అసిటైల్‌కోలిన్ సంచులు తెరుచుకుని, ఆ రసాయనం కండరం వైపు పడుతుంది. బయట కాల్షియం లేకపోతే నరంలో సంకేతం చివరిదాకా వచ్చినా ఆ రసాయనం విడుదల కాదు. కండరానికి కబురే అందదు.

రెండోది ట్రయాడ్. కండర నారు పైపొర లోపలికి సన్నటి గొట్టాలుగా దిగుతుంది, వాటినే టి-నాళికలు అంటాం. ఒక్కో నాళికకు రెండు పక్కలా కాల్షియం నిల్వ ఉన్న సార్కోప్లాస్మిక్ రెటిక్యులం సంచులు ఆనుకుని ఉంటాయి. పైపొర మీద పుట్టిన విద్యుత్ అల నాళికలోకి దిగితే, దాని గోడలోని డీహెచ్‌పీ గ్రాహకం వోల్టేజిని పసిగట్టి ఆకారం మార్చుకుంటుంది. ఎదురుగా సంచి గోడలో ఉన్న రయానోడిన్ గ్రాహకాన్ని నెట్టి తెరుస్తుంది. తలుపు గడియకు తాడు కట్టి లాగినట్టన్నమాట. బయటి నుంచి ఒక్క కాల్షియం అయాన్ రానవసరం లేదు. సంచిలోదే బయటపడి ట్రోపోనిన్‌ని చేరుతుంది, ఆ తర్వాత తిరిగి సంచిలోకే పంపు అవుతుంది. కండరానికి నేరుగా షాక్ ఇచ్చినప్పుడు మీరు నరం చివరను దాటేసి ఈ రెండో మెట్టు నుంచి మొదలుపెట్టారు.

నవీన్ గారూ, గుండె విషయంలో మీరన్నది నిజం. అక్కడ డీహెచ్‌పీ గ్రాహకం గుండా లోపలికి వచ్చే కాల్షియమే రయానోడిన్ గ్రాహకాన్ని తెరుస్తుంది. మిగిలిపోయిన కాల్షియం అనే అనుమానం కూడా న్యాయమైనదే. అందుకే 1972లో ఆర్మ్‌స్ట్రాంగ్, బెజానిల్లా, హోరోవిచ్ కప్ప కండర నారు చుట్టూ ఉన్న ద్రావణంలో ఈజీటీఏ కలిపారు. అది మిగిలిన కాల్షియాన్ని కూడా కట్టిపడేస్తుంది. అయినా నారు లాగుతూనే ఉంది.

అంతకన్నా నచ్చజెప్పే రుజువు ఇంకోటుంది. ఒక రకం ఎలుక పిల్లల అస్థి కండరాల్లో ఈ డీహెచ్‌పీ గ్రాహకమే లోపం. విద్యుత్ అల వస్తుంది, లాగుడు రాదు. తనాబే బృందం ఆ కణాల్లో అస్థి కండరపు గ్రాహకం జన్యువును పెడితే లాగుడు తిరిగొచ్చింది, బయట కాల్షియం అవసరం లేకుండానే. గుండె గ్రాహకం జన్యువును పెడితేనూ లాగుడు వచ్చింది, కానీ బయట కాల్షియం ఉన్నంతవరకే. కణం అదే, మార్చింది గ్రాహకం ఒక్కటే.

ఇమ్రాన్:
మా ల్యాబ్‌లో ఈ ప్రయోగం చేయిస్తాం, రెండు మాటలు చెప్తాను. కాల్షియం ఉన్న ద్రావణంలో నేరుగా షాక్ ఇచ్చాం అనుకుంటాం గానీ, కండరంలోకి పాకిన నరం కొమ్మలకే ముందు తగులుతుంది. వాటికి చిన్న పల్స్ చాలు. కండర పొరను నిజంగా కదిలించాలంటే పల్స్ ఇంకా వెడల్పుగా ఉండాలి. కాల్షియం తీశాక అదే పాత సెట్టింగ్‌లో వదిలేసి, నేరుగా ఇచ్చినా రావట్లేదని రాసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

ఇక నేరుగా ఇచ్చినా నిజంగా లాగకపోతే తప్పు ఎక్కడుందో వెతకాలి. కెఫీన్ వేసి చూడండి. అది పైపొరతో పని లేకుండా రయానోడిన్ గ్రాహకాన్నే తెరుస్తుంది. దాంతో కండరం బిగుసుకుంటే సంచిలో నిల్వ ఉంది, తంతువులు బాగున్నాయి, తెగింది మధ్య లింకు. గ్లిసరాల్‌లో నానబెట్టి మామూలు ద్రావణంలోకి మార్చిన కప్ప కండరం ఇలాగే ఉంటుంది. టి-నాళికలు పైపొర నుంచి తెగిపోతాయి. పైపొర మీద విద్యుత్ అల చక్కగా కనిపిస్తుంది, కండరం మాత్రం కదలదు.

సౌమ్య:
ఇప్పుడు అర్థమైంది. ఇంకో చిన్న సందేహం. కప్పలో ట్రయాడ్లు జెడ్ గీత దగ్గర ఉంటాయని చదివాను. మయోసిన్ ఏమో సార్కోమియర్ మధ్యలో ఉంది. కాల్షియం అంత దూరం చేరుతుందా?

ప్రసాద్:
అది చేరాల్సింది మయోసిన్‌కి కాదు, ఆక్టిన్ తంతువు మీది ట్రోపోనిన్‌కి. కప్పలో ఆ తంతువు జెడ్ గీత నుంచి సుమారు 1 మైక్రోమీటర్ పొడవు. అంత దూరం పాకడానికి కాల్షియానికి కొన్ని మిల్లీసెకన్లు చాలు. మన కండరాల్లో ట్రయాడ్లు ఏ పట్టీ, ఐ పట్టీ కలిసే చోటే ఉంటాయి కాబట్టి దూరం ఇంకా తక్కువ.

జారడం కూడా ఇదే లెక్కలో చూసుకోండి. 2.4 మైక్రోమీటర్ల సార్కోమియర్‌లో మయోసిన్ ఉన్న ఏ పట్టీ 1.6, ఐ పట్టీ వాటా 0.8. అది 2.0కి కుదించుకుంటే ఏ పట్టీ 1.6 గానే ఉంటుంది, ఐ పట్టీ 0.4 అవుతుంది. రెండు వైపుల ఆక్టిన్ కొసల మధ్య ఉన్న 0.4 ఖాళీ కూడా మూసుకుపోతుంది. తంతువులేవీ పొట్టివి కాలేదు, ఒకదానిలోకి ఒకటి జారాయి. ప్రయోగంలో కండరాన్ని మరీ లాగి కట్టి సార్కోమియర్ 3.65 దాటితే రెండు తంతువులూ తాకనే తాకవు. కాల్షియం ఎంత వచ్చినా బలం సున్నా. ట్రయాడ్ చెడిందని అనుకునే ముందు ఆ పొడవు సరిచూసుకోండి.

వెంకటలక్ష్మి గారూ, రక్తంలో కాల్షియం కొంత తగ్గితే నరాల పొర సున్నితమై, చిన్నదానికే సంకేతాలు కురిపిస్తుంది. అందుకే కండరాలు బిగుసుకోవచ్చు. ల్యాబ్‌లో మాదిరి పూర్తిగా తీసేయడం శరీరంలో జరగదు. అయితే రాత్రిపూట పిక్కలు పట్టేయడానికి చాలాసార్లు కారణం ఇది కాదు. రక్తపరీక్ష చేయించకుండా బిళ్లలు కొనసాగించకండి.

నవీన్:
మరి గంట గడిస్తే నేరుగా ఇచ్చిన షాక్‌కీ లాగుడు తగ్గిపోతోంది కదా? మా రీడింగ్స్‌లో స్పష్టంగా ఉంది.

ప్రసాద్:
తగ్గుతుంది. కాల్షియం, మెగ్నీషియం రెండూ లేకపోతే పొర కారడం మొదలై, విశ్రాంతి వోల్టేజి పడిపోయి, అలే సరిగ్గా పుట్టదు. మెగ్నీషియం కలిపితే చాలాసేపు నిలుస్తుంది. అయితే నరం చివర దగ్గర మెగ్నీషియం కూడా విడుదలను అడ్డుకుంటుంది, రీడింగ్ రాసేటప్పుడు అది గుర్తుంచుకోండి.

ఇమ్రాన్:
సార్, ట్రయాడ్‌లో రయానోడిన్ గ్రాహకాల్లో దాదాపు సగానికి ఎదురుగా డీహెచ్‌పీ గ్రాహకమే ఉండదు కదా. వాటిని తెరిచేది ఎవరు?

ప్రసాద్:
పక్క ద్వారం నుంచి వచ్చిన కాల్షియమే వాటిని తెరుస్తుందని కొందరు, పక్కపక్కనే ఆనుకుని ఉన్నందున ఒకటి తెరిస్తే రెండోదీ తెరుచుకుంటుందని ఇంకొందరు అంటారు. ఇందులో ఏది ఎంతవరకు నిజమన్నది ఇంకా తేలలేదు.