‘ఈ ధరకైతే కుదరదు’: ఆ ‘ఐతే’ ఉంచాలా, తీసేయాలా?

అడిగినవారు (పేజీల డిజైనర్): అందరికీ నమస్కారం. ఒక క్లయింట్‌తో 8 పేజీల బ్రోచర్, రెండు విడతల సవరణలు అని మాట్లాడుకున్నాం. రెండో విడత కూడా అయిపోయాక, "ఇంకో 4 పేజీలు ఇందులోనే కలిపేయండి, రేటు కూడా కాస్త తగ్గించండి" అని మెసేజ్ పెట్టారు. పోయినసారి ఇలాగే అడిగితే "చూద్దాం సార్" అన్నాను. ఆయన దాన్ని సరే అనుకున్నారు, చివరికి చేసి ఇవ్వాల్సి వచ్చింది. ఈసారి కాదనే చెప్పాలి. కానీ మనిషి మంచివారు, మళ్ళీ పని ఇవ్వాలి. ‘చేయను’, ‘చేయలేను’, ‘కుదరదు’ – వీటిలో ఏది రాయను?

మొదటి జవాబు: ‘చేయలేను’ రాయండి. ‘చేయను’ అంటే మొండితనంలా ఉంటుంది, ‘కుదరదు’ అంటే మొహం మీద తలుపు వేసినట్టుంటుంది. ‘చేయలేను’లో వినయం ఉంది.

ఇంకొకరు: క్లయింట్‌కి మంచి తెలుగు మాట ఏమిటండీ? లాయర్లకైతే కక్షిదారు, బ్యాంకుకైతే ఖాతాదారు. డిజైనర్‌కి?

వ్యాకరణం చెప్పే మాస్టారు: ఆ ప్రశ్న బాగుంది, దాని మీద వేరే చర్చ పెడదాం. ‘చేయను’ గురించి అన్నది నిజమే. ‘చేయలేను’తో మాత్రం చిక్కుంది. అది శక్తి లేదని చెప్పే మాట. అడిగినాయన వెంటనే ఆ లోటు తీర్చడానికి చూస్తారు: "టైం చాలదా? వారం ఎక్కువ తీసుకోండి." మీ అసలు కారణం టైం కాదు, డబ్బు. ఇప్పుడు మీరు రెండో కారణం వెతుక్కోవాలి, మొదటిది సాకులా కనిపిస్తుంది.

‘కుదరదు’ అలా కాదు. బేరం కుదిరింది, ముహూర్తం కుదిరింది అంటాం కదా. కుదిరేది, కుదరనిది ఆ విషయమే. నేను తోసేశాను అని అందులో లేదు, నాకు చేతకాదు అనీ లేదు. పైగా ఏ షరతుకు కుదరదో ముందు చెప్పవచ్చు: "ఈ ధరకు కుదరదు." అక్కడే ‘ఐతే’ చేర్చి "ఈ ధరకైతే కుదరదు" అంటే, వేరే ధరకు కుదురుతుందని చెప్పకుండానే చెప్పినట్టు. తలుపు తెరిచి ఉంచే పని ఆ ఒక్క ముక్క చేస్తుంది.

ఇక ‘చూద్దాం’. అందులో మనమిద్దరం అనే అర్థం ఉంది. ఆయన తాను కూడా చూశాను, అయిపోయింది అనుకోవడంలో తప్పేముంది?

అనువాదాలు చేసే ఆవిడ: మాస్టారూ, అదే ‘ఐతే’ నన్ను ముంచింది. తగ్గింపు అడిగినవాళ్ళకి "అంత తక్కువకైతే కుదరదండి" అని రాశాను. "అయితే ఎంతకి కుదురుతుంది?" అని మూడు రోజులు బేరం. ఇప్పుడు అదనపు పనికి ‘ఐతే’ వాడతాను, తగ్గింపుకి వాడను. తగ్గింపు మాటకి "ధర అదేనండి" అంటాను. అక్కడ ‘ఏ’ నొక్కు చాలు.

మొదటి జవాబు ఇచ్చినవారు: ముందు ‘క్షమించండి’ పెడితే మెత్తగా ఉండదా?

అనువాదాలు చేసే ఆవిడ: ఆలస్యం చేస్తే క్షమించమని అడుగుతాను. ఒప్పందంలో లేని పని చేయనందుకు అడగను. అడిగితే నేను బాకీ ఉన్నట్టవుతుంది. మెత్తదనానికి ‘అండి’ ఉంది కదా.

ఇంకొకరు: పాత పేజీల్లో నాలుగు తీసేసి కొత్తవి నాలుగు పెడతాననండి. లెక్క సరిపోతుంది.

అడిగినవారు: పాతవి చేసేశాను కదండీ. తీసేసినా నా పని తగ్గదు. ఇలా రాశాను, చూడండి:

"నమస్కారం సార్. 8 పేజీలు శుక్రవారానికి పంపుతాను. వాటి ధర అదేనండి. కొత్త 4 పేజీలు ఆ ధరలోనైతే కుదరవు. విడిగా చేస్తే అనుకున్న దాంట్లో సగం అవుతుంది, ఐదు రోజులు పడుతుంది. ఖర్చు తగ్గాలంటే, బొమ్మలు లేకుండా రెండు పేజీల్లో సర్దవచ్చు. ఏది కావాలో చెప్తే మొదలుపెడతాను."

మాస్టారు: బాగుంది. సగం, ఐదు రోజులు అని చెప్పేశారు కాబట్టి ఇక్కడ ‘ఐతే’ బేరానికి దారి ఇవ్వదు. ఆవిడ మెసేజ్‌లో దాని వెనక అంకె లేదు, అందుకే అవతలివాళ్ళు అంకె వెతికారు.

అనువాదాలు చేసే ఆవిడ: అంకె ఉన్నా నేను తీసేస్తాను. ‘కుదరవు’ ఒక్కటే చాలు, తర్వాతి వాక్యం దారి చూపిస్తోంది కదా.

అడిగినవారు: ‘ఐతే’ ఉంచే పంపాను. జవాబు వచ్చింది: "సరే, ముందు 8 ఇవ్వండి. మిగతావి చూద్దాం."

మాస్టారు: ఆ ‘చూద్దాం’ని ఒప్పుకోలుగా తీసుకోకండి. శుక్రవారం ఫైళ్ళు పంపేటప్పుడు "కొత్త పేజీలు నాలుగా, రెండా?" అని ఒక్క వాక్యం కలపండి.