మూడు పోస్టులు తగ్గుతాయని తెలుసు, ఎవరివో తెలియదు: టీమ్‌కు ఇప్పుడే చెప్పాలా?

నిలకడ (ప్రశ్న):
వినియోగదారుల సేవా విభాగంలో ఎనిమిది మంది టీమ్‌కు నేను మేనేజర్‌ని. మరో ఆరుగురి టీమ్‌తో మా టీమ్‌ను కలపాలని పైవారు నిర్ణయించారు. కలిశాక 14 పోస్టులు 11 అవుతాయి. ఏ ముగ్గురివి పోతాయో తేలడానికి ఆరు వారాలు పడుతుందంటున్నారు. అంతా ఖరారయ్యేదాకా నోరు విప్పవద్దని మా డైరెక్టర్ మాట. అయితే టీమ్‌లో ఇద్దరు ఇప్పటికే నన్ను సూటిగా అడిగారు. ఇప్పుడే చెప్పాలా, ఆగాలా?

తూకం:
ఆగడమే మంచిదని నా అభిప్రాయం. పోయేవి మూడు పోస్టులు, అంటే 11 మందికి ఏ నష్టమూ లేదు. ఆ 11 మందిని ఆరు వారాలు నిద్రకు దూరం చేసి, దానికి నిజాయితీ అని పేరు పెట్టుకోవడం మన గుండె బరువును వారి మీదికి దించడమే తప్ప మరొకటి కాదు. పైగా బయట గిరాకీ ఉన్నవారే ముందుగా వెళ్లిపోతారు కాబట్టి, ఖరారు జాబితా చేతికి వచ్చేసరికి మీరు ఉంచుకోదలచిన వారే మిగలకపోవచ్చు.

పాతదస్త్రం:
గిరాకీ ఉన్నవారు ముందు కదులుతారన్నది నిజమే, సిబ్బంది వ్యవహారాల్లో పనిచేసినన్నాళ్లూ నేనూ అదే చూశాను. కాని వార్త విన్నందుకు వెళ్లినవారి కన్నా, వార్త ఏదో ఉందని పసిగట్టి, అది తమకు ఎవరూ చెప్పడం లేదని గ్రహించి వెళ్లినవారే ఎక్కువ. ఇక్కడ ఇద్దరు అడిగేశారు కనుక రహస్యం ఇప్పటికే సగం బయటపడినట్లే.

ఈ విషయంలో ఊహలతో వాదించుకోవలసిన పని లేదు. 1991లో ష్వైగర్, డెనిసి అనే ఇద్దరు పరిశోధకులు, విలీనమవుతున్న సంస్థకు చెందిన రెండు కర్మాగారాలను పోల్చి చూశారు. ఒకచోట పైఅధికారి లేఖ ఒక్కటి పంపి ఊరుకున్నారు. రెండోచోట క్రమం తప్పని వార్తాలేఖ, ప్రశ్నలకు ఒక ఫోన్ నంబరు, పర్యవేక్షకులతో వారం వారం సమావేశాలు ఏర్పాటు చేశారు. ప్రకటన వినగానే రెండు చోట్లా ఆందోళన పెరిగింది. ఆ మేరకు తూకం గారి భయం సరైనదే. తేడా ఆ తరువాత కనిపించింది: లేఖతో ఆగిన చోట అది పెరుగుతూ పోగా, సమాచారం అందుతూ వచ్చిన చోట నిలదొక్కుకుని క్రమంగా తగ్గుముఖం పట్టింది. కనుక ఒకసారి చెప్పి చేతులు దులుపుకునే ఆలోచన ఉంటే, చెప్పడం వల్ల మీకు పెద్దగా కలిసివచ్చేది లేదు.

అలాగని డైరెక్టర్ మాట దాటి మీరు లోపాయికారీగా చెప్పవద్దు. ఇద్దరికి చెవిలో చెబితే పన్నెండు మందికి అన్యాయం జరుగుతుంది, ఆ ఇద్దరి మీదా అనవసర భారం పడుతుంది. ముందు డైరెక్టర్ వద్దకు వెళ్లి, చెప్పాలా వద్దా అన్న చర్చలోకి దిగకుండా, ప్రకటనకు ఒక తేదీ అడగండి. అప్పటిదాకా ఆ ఇద్దరికి, “విభాగంలో మార్పుల గురించి ఆలోచన జరుగుతోంది, వివరాలు చెప్పే అనుమతి నాకు ఇంకా లేదు, అనుమతి కోసం అడుగుతున్నాను” అనండి. “అలాంటిదేమీ లేదు” అని మాత్రం అనకండి, ఎందుకంటే రేపు మీరు ఏం చెప్పినా ఆ ఒక్క మాటతోనే తూచి చూస్తారు.

మలిమబ్బు:
నాకూ ఇలాంటిదే జరిగింది. తొలగించిన రోజు పరిహారం ఎంత అని అడిగితే ఎవరూ సమాధానం చెప్పలేదు. ఆ లెక్క ముందే రాసి ఇవ్వాలి.

నిలకడ:
మలిమబ్బు గారూ, మాకు ఇంకా ఎవరినీ తొలగించలేదు. నా ప్రశ్న అంతకు ముందు దశ గురించి.

మలిమబ్బు:
సరే, ముందు దశ సంగతే చెబుతాను. అప్పట్లో మాకు మొదటి సమావేశంలో “మీకేమీ మారదు, పై పదవుల్లో పేర్లు మాత్రమే మారతాయి” అన్నారు. రెండు నెలలు తిరగకుండానే షిఫ్టులు మారాయి, సెలవులు మంజూరు చేసే మనిషి మారాడు, ఆ కొత్త మనిషికి నా పని గురించి ఏమీ తెలియదు. చివరికి ఉద్యోగం పోవడం కన్నా ఆ “ఏమీ మారదు” అన్న మాటే నాకు ఎక్కువ కోపం తెప్పించింది.

పాతదస్త్రం:
దారి తప్పి వచ్చినా అసలు విషయం మలిమబ్బు గారే పట్టుకున్నారు. ఇలాంటి సమావేశాల్లో మారేవాటి గురించి అందరూ జాగ్రత్తగానే మాట్లాడతారు, మారనివాటి దగ్గర నోరు జారుతుంది, ఎందుకంటే ధైర్యం చెప్పాలన్న తొందర అక్కడే ఉంటుంది. “జీతాలు మారవు” అనే ముందు, ఆ మాట ఎవరు ఖరారు చేశారో, ఎంతకాలానికో మీకు తెలిసి ఉండాలి. మూల వేతనం మారకపోయినా రాత్రి షిఫ్టు భత్యం పోతే చేతికందేది తగ్గుతుంది, విన్నవాడికి అది అబద్ధమే.

నిలకడ గారి పరిస్థితికి నేనైతే ఇలా మాట్లాడతాను. 14 మందినీ ఒకేసారి పిలిచి, ఇద్దరు మేనేజర్లూ పక్కపక్కన కూర్చుని, ఉపోద్ఘాతం లేకుండా మొదటి వాక్యంలోనే వార్త చెప్పాలి:

“మన రెండు టీమ్‌లు ఒక్కటవుతున్నాయి, ఆ క్రమంలో పోస్టులు తగ్గుతాయి. కలపడం నిర్ణయమైపోయింది, అది వెనక్కి రాదు. కారణం, రెండు టీమ్‌లకూ వచ్చే ఫిర్యాదులు ఇప్పుడు ఒకే వ్యవస్థలోకి వస్తున్నాయి, రెండు చోట్లా ఒకే పని జరుగుతోంది. మీ పనితీరు దీనికి కారణం కాదు. ఎవరి పోస్టు ఉంటుందో ఎవరిది ఉండదో ఈరోజు నాకు తెలియదు. ఎంపిక ఏ ప్రాతిపదికన జరుగుతుందో రెండు వారాల్లో రాతపూర్వకంగా ఇస్తాం, వ్యక్తిగత నిర్ణయాలు ఆరో వారంలో తెలుస్తాయి. మూల వేతనం, మిగిలి ఉన్న సెలవులు, పనిచేసే చోటు ఈ సంవత్సరాంతం వరకు మారవని హెచ్‌ఆర్ విభాగం రాసి ఇచ్చింది. షిఫ్టుల గురించి అలాంటి మాట నేను ఇవ్వలేను.”

చివరి వాక్యం చాలామంది మింగేస్తారు. అదే ఉంటే దాని ముందున్న హామీని జనం నమ్ముతారు. కారణం కూడా మీ దగ్గర నిజంగా ఉన్నదే చెప్పండి; ఖర్చు తగ్గించడమే ఉద్దేశమైతే వ్యవస్థల పేరు చెప్పకండి. సెలవులో ఉన్నవారికి, ముఖ్యంగా ప్రసూతి సెలవులోనూ అనారోగ్య సెలవులోనూ ఉన్నవారికి, అదే రోజు ఫోన్ చేయాలి. సమావేశాన్ని వారం చివరి సాయంత్రం పెట్టకండి, ప్రశ్నలు మర్నాటికి గాని పుట్టవు; ఆ మర్నాడు మీరు అందుబాటులో ఉండాలి.

తూకం:
మీరు చెప్పేది వినడానికి బాగుంది గాని, చట్టం కూడా ఇంత అడగదు. అమెరికాలో 60 రోజుల ముందు నోటీసు ఇస్తే చాలు. నిర్ణయమయ్యాక చట్టం ప్రకారం చెబితే తప్పేముంది?

పాతదస్త్రం:
ఆ 60 రోజుల నియమం అమెరికాలో 1988లో వచ్చిన చట్టానిది. సాధారణంగా 100 మందికి తక్కువ కాకుండా ఉద్యోగులున్న సంస్థల్లో, పెద్ద ఎత్తున జరిగే తొలగింపులకూ కేంద్రాల మూసివేతకూ వర్తిస్తుంది. ముగ్గురి విషయంలో దాని ప్రసక్తే రాదు. బ్రిటన్‌లో దారి వేరు: సంస్థకు చెందిన ఒకే కేంద్రంలో 90 రోజుల వ్యవధిలో 20 మందిని గాని అంతకు మించి గాని తొలగించాలనుకుంటే, నోటీసు ఒక్కటే సరిపోదు, ఉద్యోగుల ప్రతినిధులతో సంప్రదింపులు జరపాలి. 99 మంది వరకైతే మొదటి తొలగింపుకు కనీసం 30 రోజుల ముందు, 100 మంది గాని అంతకు మించి గాని అయితే 45 రోజుల ముందు అవి మొదలవ్వాలి. అంటే అంతా ఖరారు చేసుకుని వచ్చి సంప్రదింపులు అనడం కుదరదు, ఇంకా మార్చే వీలున్నప్పుడే చెప్పాలి. నిలకడ గారి సంస్థకు ఏ నియమం వర్తిస్తుందో హెచ్‌ఆర్ వారిని అడగాలి గాని, చట్టం అంతటా ఒక్కటే అనుకోవడం సరికాదు.

ఎర్రజెండా:
నేను ఉద్యోగుల ప్రతినిధిగా బల్లకు అవతలి వైపు కూర్చునేవాడిని. సహాయం సంగతి ఎవరూ ఎత్తలేదు. “మీకు అన్ని విధాలా అండగా ఉంటాం” అని ఒక సలహా కేంద్రం నంబరు తెర మీద చూపించి ముగించడం నేను చాలాసార్లు చూశాను. ఆ నంబరుకు చేసిన ఫోన్ సంగతి మేనేజర్‌కు తెలుస్తుందేమోనన్న భయంతో ఎవరూ చేయరు. సహాయం అంటే నాకు తెలిసినంతలో నాలుగు సూటి ప్రశ్నలకు జవాబు. ఇతర విభాగాల్లోని ఖాళీలకు ఈ 14 మంది దరఖాస్తులను బయటివారి కన్నా ముందు చూస్తారా? అలా దరఖాస్తు చేసుకున్నవారిని “వెళ్లిపోవడానికి సిద్ధపడినవారు” అని ఎంపికలో వెనక్కి నెడతారా? ఇంటర్వ్యూలకు పని వేళల్లో జీతంతో సమయం ఇస్తారా? ఎవరైనా తామే ముందుకొచ్చి వెళ్తామంటే అదే పరిహారం వర్తిస్తుందా? ఆఖరిది చాలా ముఖ్యం. 14 మందిలో ఎలాగూ వెళ్లాలనుకుంటున్నవారు ఒకరిద్దరు ఉండే అవకాశం ఉంది. ముందే చెబితే వారు ముందుకొస్తారు, బలవంతంగా పంపవలసినవారు తగ్గుతారు. ఆరు వారాలు దాచిపెడితే ఆ దారి మూసుకుపోతుంది.

తూకం:
ఈ వాదన నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటాను. కాని మూడు అన్న అంకె మాత్రం చెప్పవద్దు. అంకె వినగానే ప్రతి ఒక్కరూ పక్కవారిని లెక్కపెట్టడం మొదలుపెడతారు. ఒకరికొకరు పని నేర్పడం ఆగిపోతుంది.

ఎర్రజెండా:
చెప్పకపోతే ఎవరి అంకె వారు పుట్టించుకుంటారు, అది ఎప్పుడూ మూడు కన్నా పెద్దదే అవుతుంది.

పాతదస్త్రం:
ఇక్కడ నేను ఎటూ తేల్చలేను. అంకె ఖచ్చితమైతే చెప్పాలంటాను. అది ఐదు కావచ్చన్న అనుమానం ఉంటే, మూడు అని చెప్పి తరువాత పెంచడం అసలు చెప్పకపోవడం కన్నా ఎక్కువ హాని చేస్తుంది.

నిలకడ:
ఈరోజు డైరెక్టర్‌తో మాట్లాడాను. వచ్చే మంగళవారం ఇద్దరు మేనేజర్లం కలిసి చెప్పడానికి ఒప్పుకున్నారు. సెలవుల గురించీ జీతాల గురించీ హెచ్‌ఆర్ రాసి ఇస్తుంది, ఇతర విభాగాల ఖాళీల్లో మొదటి అవకాశానికీ సరే అన్నారు. స్వచ్ఛందంగా వెళ్లేవారి పరిహారం ఆర్థిక విభాగం వద్ద ఉంది. అంకె చెప్పడానికి ఒప్పుకోలేదు. “తగ్గుతాయి” అనే వరకే అనుమతి. ఎవరైనా “మూడేనా?” అని అడిగితే ఏం చేయాలో నాకు ఇంకా తెలియడం లేదు. రెండు వారాల్లో ఇస్తామన్న ప్రాతిపదిక ఆలస్యమైతే ఏమనాలి?

పాతదస్త్రం:
“అంకె ఉంది, చెప్పే అనుమతి నాకు లేదు” అనండి. అవుననీ కాదనీ తల ఊపకండి. ప్రాతిపదిక విషయానికి, ఆ తేదీన సమావేశాన్ని రద్దు చేయకండి. చేతిలో ఏమీ లేకపోయినా కూర్చుని, ఏది ఆలస్యమైందో, ఎవరి దగ్గర ఆగిందో, కొత్త తేదీ ఏదో చెప్పండి.

ఎర్రజెండా:
స్వచ్ఛంద పరిహారం సంగతి మాత్రం మంగళవారం లోపే తేల్చుకోండి. ఆ ప్రశ్న సమావేశంలో తప్పకుండా వస్తుంది.