పట్టిక వెతికే ముందే ఫొటోను నిటారు చేయాలా, వెతికాక చేస్తే చాలా?

అరండల్‌పేట లెక్కలు (గుంటూరు)

మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టు పాత పట్టీలను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాను. ఒక్కో కాగితం మీద రైతు పేరు, టిక్కీలు, బరువు, ధర, మొత్తం అని గీతలు కొట్టిన పట్టిక ఉంటుంది. అన్నీ గుమాస్తాలు ఫోనుతో తీసిన ఫొటోలే. ప్రతి ఫొటోనూ డిస్క్యూ చేశాకే, అంటే వాలు తీసి నిటారు చేశాకే, పట్టిక వెతికే ప్రోగ్రాముకు ఇస్తున్నాను. అయినా కొన్నిటిలో ఒకరి డబ్బు ఇంకొకరి పేరు మీద పడుతోంది. మా జట్టులో సగం మంది ముందుగా సరిచేయడమే తప్పు, ఉన్నది ఉన్నట్టు మోడల్‌కు ఇచ్చేయమంటున్నారు. ఎవరిది సరి?

లబ్బీపేట

ఆ సగం మందిదే సరి. బొమ్మను తిప్పిన ప్రతిసారీ పిక్సెళ్లను కొత్తగా లెక్కకట్టాలి. దాంతో సన్న గీతలు చెదిరిపోతాయి, చుక్కలు మసకబారుతాయి. వంకర బొమ్మలు కూడా చూపించి శిక్షణ ఇస్తే మోడల్ వాటికి అలవాటు పడుతుంది. మా దగ్గర ఐదు డిగ్రీలు వాలిన కాగితంలోనూ పట్టిక ఎక్కడుందో చక్కగా పట్టుకుంటోంది. లేని పని పెట్టుకుని డేటా పాడు చేసుకోవడం ఎందుకండీ?

కొత్తపేట మాస్టారు

ఇంత చర్చ దేనికో అర్థం కాలేదు. మా బడి రికార్డులు అడ్డంగా స్కాన్ అయితే పీడీఎఫ్ తెరిచి రొటేట్ నొక్కి సేవ్ చేస్తాను. నిమిషం పని.

పటమట పాతకాపు

మాస్టారూ, మీరు చెప్పేది పేజీ పక్కకు పడుకున్నప్పటి సంగతి. ఇక్కడి గొడవ ఒకటి రెండు డిగ్రీల దగ్గర. అయితే మీ మాటలో అరండల్‌పేట గారికి పనికొచ్చేది ఒకటుంది. చాలాసార్లు ఆ రొటేట్ బొమ్మను తిప్పదు, 'తిప్పి చూపించు' అని ఒక గుర్తు మాత్రం రాస్తుంది. ఫోను ఫొటోల్లోనూ అంతే. బొమ్మలు చదివే పైథాన్ లైబ్రరీల్లో OpenCV వారి `imread` మామూలుగా ఆ గుర్తును పాటిస్తుంది. Pillow మాత్రం `ImageOps.exif_transpose` అని మనం చెబితేనే పాటిస్తుంది. రెండూ కలిపి వాడేవాళ్లకు ఒకే ఫొటో ఒకచోట నిలువుగా, ఇంకోచోట అడ్డంగా వస్తుంది. ముందు అది తేల్చుకోండి.

ఇక అసలు విషయం. లబ్బీపేట గారూ, పట్టిక ఎక్కడుందో కనుక్కోవడం ఒక పని, లోపల వరుసలు విడదీయడం ఇంకో పని. మొదటి దానికి కాస్త వాలు అడ్డు కాదన్న మీ మాట నిజమే. కానీ ఈ మోడళ్లలో ఎక్కువ భాగం గీసే పెట్టెలు బొమ్మ అంచులకు సమాంతరంగా ఉంటాయి. పట్టికలు పట్టే Table Transformer అనే మోడల్ నేర్చుకున్న PubTables-1M పట్టికలన్నీ వైద్య పరిశోధన వ్యాసాల పీడీఎఫ్‌ల నుంచి తీసినవి, గీత పెట్టి గీసినంత తిన్నగా ఉంటాయి. వాలిన వరుసల మీద తిన్నని పెట్టె వేస్తే, అందులో పై వరుస కుడి కొన, కింది వరుస ఎడమ కొన రెండూ దూరతాయి. వాలు ఎంత బాగా నేర్పినా పెట్టె ఆకారం మారదు కదా.

అరండల్‌పేట గారూ, మీ ఇబ్బంది డిస్క్యూ చేయడం వల్ల వచ్చింది కాదు, అదొక్కటే చేయడం వల్ల అని నా అనుమానం. డిస్క్యూ బొమ్మ మొత్తాన్నీ ఒకే కోణంలో తిప్పుతుంది. ఫోను ఏటవాలుగా పట్టి తీసిన ఫొటోలో ఒకే కోణం ఉండదు. తప్పు పడిన ఒక ఫొటోను, సరిచేయకముందుది, తెరవండి. పట్టిక పై గీత కుడి కొనకు వచ్చేసరికి ఎన్ని పిక్సెళ్లు దిగింది? అట్టడుగు గీత ఎంత దిగింది? వరుస ఎత్తు ఎంత? ఇవి రాయండి. పనిలో పనిగా, ఫలితంలో శీర్షిక వరుస చూడండి. 'మొత్తం' అన్న మాట పక్కన ఏదైనా అంకె అంటుకుని ఉందా?

అరండల్‌పేట లెక్కలు

పట్టిక వెడల్పు 2400 పిక్సెళ్లు. పై గీత 17 దిగింది, అడుగు గీత 109 దిగింది. వరుస ఎత్తు దాదాపు 70. అవునండీ, శీర్షికలో 'మొత్తం' పక్కన మొదటి రైతు డబ్బు వచ్చి కూర్చుంది! ఇది మీకెలా తెలిసింది?

పటమట పాతకాపు

మీ అంకెల్లోనే ఉంది. 17కూ 109కీ సగటు 63. డిస్క్యూ ఇంచుమించు ఆ సగటు వాలును పట్టుకుని కాగితమంతటినీ తిప్పింది. 17 మాత్రమే దిగిన పై గీతను 63 ఎత్తితే, కుడి కొన ఉండాల్సిన చోటు కన్నా 46 పైకి పోయింది. 109 దిగిన అడుగు గీత ఇంకా 46 కిందే ఉండిపోయింది. మీ ప్రోగ్రాము రైతు పేరు ఉన్న ఎత్తును బట్టి వరుస తేలుస్తుంటే, 70 పిక్సెళ్ల వరుసలో 35 దాటిన అంకె పక్క వరుసకు చేరుతుంది. 46 అంటే దాటినట్టే.

అందుకే పైన ఉన్న రైతుల డబ్బు ఒక్కో గడి పైకి జరిగింది, మొదటివాడిది శీర్షికలోకి ఎక్కింది. కింద ఉన్నవాళ్లది ఒక్కో గడి కిందికి జారింది. నడి కాగితంలో అంతా సరిగ్గానే ఉంటుంది. పైకి జరగడం ఆగిన చోట ఒక రైతు 'మొత్తం' గడి, కిందికి జారడం మొదలైన చోట మరొకరిది ఖాళీగా మిగులుతాయి. చూసుకోండి. కాగితమంతా ఒకే వైపు జరిగి ఉంటే అది మిగిలిపోయిన వాలు. పైభాగం ఒక దిక్కుకు, కిందిభాగం ఎదురు దిక్కుకు జరిగితే అది ఏటవాలుగా తీయడం వల్ల వచ్చే పర్‌స్పెక్టివ్, దాన్ని ఎంత తిప్పినా లాభం లేదు.

ఇంకొక సంగతి. బరువు గడి నడిమధ్యన ఉంటుంది కాబట్టి దాని జరుగుడు తక్కువ, అది తన రైతు దగ్గరే ఉంటుంది. కుడి చివరి గడి ఒక్కటే ఊరు మారుతుంది. బరువును ధరతో గుణించి మొత్తంతో పోల్చే చిన్న తనిఖీ పెట్టుకుంటే ఈ జాతి తప్పులు అక్కడికక్కడే దొరుకుతాయి.

అరండల్‌పేట లెక్కలు

రెండు ఖాళీ గడులూ ఉన్నాయి. వాటిని మా అబ్బాయిలు 'చెల్లింపు బాకీ' అని రాసుకున్నారు, ఏం చెప్పమంటారు. సరే, ఇప్పుడు డిస్క్యూ తీసేసి, నాలుగు మూలలను బట్టి పర్‌స్పెక్టివ్ సరిచేసే పద్ధతి పెట్టాలా? కాగితం మూలలు పట్టే ఆప్ ఒకటి ఫోనులోనే ఉంది.

గవర్నర్‌పేట జిరాక్స్

ఆగండి, కాగితం మూలలను నమ్మకండి. స్కానింగ్ మా రోజువారీ పని. యంత్రంలోని డిస్క్యూ కాగితం అంచును చూసి తిన్నగా చేస్తుంది. కానీ పట్టీ పుస్తకాల్లో అచ్చు గీతలే కాగితానికి వంకరగా పడి ఉంటాయి, పైగా చేత్తో చింపిన కాగితాలు. అంచు తిన్నగా వచ్చి పట్టిక వాలిపోయిన పేజీలు కట్టలు కట్టలు చూశాను. ఒక్క మాట మాత్రం చెప్పగలను, స్కానర్ అద్దం మీద పరిచి తీసిన వాటికి ఈ పర్‌స్పెక్టివ్ బాధ రాదు. ఫీడరులో రబ్బరు చక్రం ఒక వైపు అరిగితే కాగితం పక్కకు తిరుగుతుంది, అంతే. దానికి డిస్క్యూ ఒక్కటి చాలు.

పటమట పాతకాపు

జిరాక్స్ గారి మాట అక్షరాలా నిజం. మనకు కావలసింది కాగితం మూలలు కాదు, పట్టిక మూలలు. కాబట్టి వరుస ఇలా పెట్టండి. అడ్డం నిలువు తేల్చుకున్నాక, సరిచేయని బొమ్మ మీదే పట్టిక ఎక్కడుందో మోడల్‌తో వెతికించండి. ఇక్కడ లబ్బీపేట గారు గెలిచారు. ఆ ముక్కను చుట్టూ కాస్త చోటు వదిలి కత్తిరించి, పట్టిక బయటి నాలుగు గీతలు పట్టుకుని, అవి కలిసే నాలుగు బిందువులతో ఒక్కసారే సరిచేయండి. వరుసలు విడదీయడం ఆ తర్వాత.

```python
M = cv2.getPerspectiveTransform(src, dst)
out = cv2.warpPerspective(
    gray, M, (w, h),
    flags=cv2.INTER_CUBIC,
    borderValue=255)
```

`src` అంటే ముక్కలో దొరికిన నాలుగు మూలలు, `dst` అంటే అవి చేరాల్సిన చోట్లు. రెండింటిలో మూలల వరుసక్రమం ఒకటే ఉండాలి, లేకపోతే పట్టిక తిరగబడుతుంది. `borderValue` రాయకపోతే ఖాళీ మూలలు నల్లగా నిండుతాయి, ఆ నల్ల అంచునే గీత అనుకునే ప్రోగ్రాములున్నాయి. `M` ను, ముక్కను ఫొటోలో ఎక్కడ కత్తిరించారో ఆ చోటును దాచిపెట్టండి. రేపు కొట్టు యజమాని 'ఈ అంకె ఎక్కడిది' అంటే, `M` విలోమంతో ముక్కలో ఆ చోటు కనుక్కుని, కత్తిరించిన చోటును కలిపి అసలు ఫొటోలో చూపించవచ్చు.

గీతలు చెదరడం గురించి లబ్బీపేట గారు చెప్పింది నలుపు తెలుపుగా మార్చేశాక తిప్పితే, లేదా రెండు మూడుసార్లు తిప్పితే జరుగుతుంది. బూడిదరంగు బొమ్మను ఒక్కసారి తిప్పి, నలుపు తెలుపు ఆ తర్వాత చేస్తే నష్టం కంటికి ఆనదు.

లబ్బీపేట

బూడిదరంగు సంగతి ఒప్పుకుంటాను. కానీ మీ నాలుగు గీతలు దొరక్కపోతే? గుమాస్తా బొటనవేలు ఒక మూల మీద ఉంటుంది, ఇంకో మూల చిరిగి ఉంటుంది. ఒక్క మూల తప్పు పట్టుకుంటే పట్టిక మొత్తం మెలిపడుతుంది. అసలు సరిచేయకపోవడమే దానికన్నా మేలు. మీరు బాగా తీసిన ఫొటోలు చూసి మాట్లాడుతున్నారు.

పటమట పాతకాపు

మూలను నేరుగా వెతకమనలేదు. గీత పొడవునా చాలా బిందువులు తీసుకుని సరళరేఖ కట్టి, రెండు రేఖలను పొడిగించి కలపండి. వేలు కింద ఉన్న మూల కూడా అలా తెలుస్తుంది. బయటి గీతే లేకపోతే దాని పక్కనున్న లోపలి గీత సరిపోతుంది.

గీతలు వెతకడంలో మాత్రం ఒక చిక్కుంది. అడ్డ గీతల కోసం పొడవైన కెర్నెల్‌తో, అంటే బొమ్మ మీద జరిపే సన్నని చట్రంతో, మార్ఫాలజీ వాడుతుంటే, మూడు పిక్సెళ్ల మందం గీత రెండు డిగ్రీలు వాలితే తెగకుండా అడ్డంగా సాగేది 86 పిక్సెళ్లే. మీ కెర్నెల్ పొడవు 100 ఉంటే ఆ గీత మాయమవుతుంది. ఆ పొడవు తగ్గించండి, లేదా వాలిన సరళరేఖలనూ పట్టే హఫ్ పద్ధతి వాడండి. గీతలు లేని కాగితాల్లో అక్షరాల వరుసలను బట్టి కోణం కట్టాలంటే మనకు ఇంకొంచెం కష్టం. హిందీకి తల మీద గీత ఉంటుంది. మన గుడులు, ఒత్తులు వరుసల మధ్య ఖాళీలోకి చొచ్చుకుపోవడంతో ఆ ఖాళీ అంత స్పష్టంగా తేలదు.

అరండల్‌పేట లెక్కలు

మూలలు చేత్తో గుర్తించి ఆ ఫొటోనే మళ్లీ నడిపాను. శీర్షికలో అంకె పోయింది, ఖాళీ గడులు నిండాయి. కానీ అన్ని ఫొటోలకూ ఇది అవసరమా? కొన్ని దాదాపు తిన్నగానే ఉన్నాయి.

పటమట పాతకాపు

కొలిచి వదిలేయండి. పై గీత, అడుగు గీత సహా అన్ని గీతలూ పట్టిక వెడల్పు మొత్తం మీద వరుస ఎత్తులో పావువంతు కన్నా తక్కువే దిగితే, మీ లెక్కలో 17 పిక్సెళ్ల లోపు, నేనైతే ముట్టుకోను.

గవర్నర్‌పేట జిరాక్స్

మరి మడత పెట్టిన పట్టీలో? జేబులో నాలుగు మడతలు పెట్టి తెచ్చినవి. గీత రెండు కొనలూ తిన్నగా ఉంటాయి, నడుమ ఉబ్బుతుంది.

పటమట పాతకాపు

దానికి నాలుగు మూలలు చాలవు. కొనల మధ్య సరళరేఖ వేసి, నడుమ గీత ఎంత తప్పుకుందో చూడండి. ఎక్కువ ఉంటే మడత దగ్గర పట్టికను రెండు ముక్కలుగా భావించి, ఒక్కో ముక్కకూ వేరే నాలుగు మూలలు ఇస్తాను.

లబ్బీపేట

మడత సరిగ్గా ఒక వరుస మీదుగా పోతే? ఆ వరుస రెండు ముక్కల్లోనూ వస్తుంది, లేదా ఎందులోనూ రాదు. నేను ప్రయత్నించి వదిలేశాను. ఇలాంటి వాటికి గీతను వంపుతోనే పట్టుకునే పద్ధతి కావాలి.

గవర్నర్‌పేట జిరాక్స్

లేదా అద్దం కింద పెట్టి నొక్కి మళ్లీ తీయాలి. కాగితాలు ఇంకా కొట్టులోనే ఉన్నాయా, పారేశారా?

అరండల్‌పేట లెక్కలు

సగం ఉన్నాయట. మిగతా సగానికి ఫొటోలే గతి. మడత పడినవి వేరు చేసి, నడుమ ఉబ్బు ఎంతో కొలిచి ఇక్కడే పెడతాను.