"తూము మేము—" : మధ్యలో తెగిన మాటను ఇంగ్లీషులోకి ఎలా తేవాలి?

మాధవి: మెదక్ వైపు ఒక ఊళ్ళో చెరువు నీళ్ళ పంపకం గురించి ఒక పెద్దాయనతో విద్యార్థిని మాట్లాడిన రికార్డింగు అనువాదానికి వచ్చింది. రాతప్రతి వేరేవాళ్ళు టైపు చేశారు. చదివేది తెలుగు రాని పరిశోధకులు, అందుకని ఇంగ్లీషు తేటగా ఉండాలన్నారు. ఇద్దరూ ఒకరి మాట మీద ఒకరు మాట్లాడుతుంటారు. ఈ ముక్క చూడండి:

పెద్దాయన: అలుగు దుంకినంక తూము మేము—
అమ్మాయి: మూసేస్తారా?
పెద్దాయన: ఆఁ, ఆఁ... మూసుడు కాదు బిడ్డా, తీసుడు. నీరటాయన తీస్తడు.

నీరటాయన అంటే చెరువు నీళ్ళు పారించే ఊరి మనిషి. ఉన్నదున్నట్టు పెడితే పెద్దాయన ముందు ఔనని, ఆ వెంటనే కాదని అన్నట్టు వస్తోంది. మొదటి వాక్యంలో క్రియే లేదు. మీరైతే ఏం చేస్తారు?

శ్రీధర్: తేటగా కావాలన్నారు కదా, ఇంత టెన్షన్ ఎందుకండీ. ఊఁలు, ఆఁలు తీసేయండి. అమ్మాయి అడ్డు ప్రశ్న కూడా తీసేసి పెద్దాయన మాటలు ఒకచోట కలపండి. అలుగు దుంకాక మేం తూము తీస్తాం, నీరటి తీస్తాడు. ఒక్క వాక్యంలో అయిపోతుంది. చాలా ట్రాన్స్‌క్రిప్షన్ కంపెనీలు ఊఁలు, ఆఁలు తీసేసే ఇస్తాయి.

వరలక్ష్మి: శ్రీధర్ గారూ, ఊకొట్టడాలు తీసేయొచ్చన్నది నిజమే. అవతలివాళ్ళు వింటున్నారని తెలపడానికి తప్ప వాటికి వేరే పని లేనప్పుడు ఇంగ్లీషులో అవి చదువరికి అడ్డమే. కానీ మీరు కలిపిన వాక్యంలో ఆయన అనని మాట ఒకటి వచ్చి చేరింది. "మేం తూము తీస్తాం" అని ఆయన ఎక్కడన్నారు? "తూము మేము" దగ్గర మాట తెగింది. ఆ తర్వాత రావలసింది "తీస్తం" కావచ్చు, "తియ్యం" కావచ్చు, "తీపిస్తం" కూడా కావచ్చు. మన వాక్యంలో ఔనూ కాదూ రెండూ తోకలోనే ఉంటాయి. తోక తెగిందంటే అసలు సంగతే తెగినట్టు. ఇంగ్లీషు మాత్రం "మేము" అనగానే క్రియ ఇవ్వమంటుంది, అనువాదకులు ఏదో ఒకటి ఇచ్చేస్తారు. ఇక్కడ తూము మీద చెయ్యి ఎవరిది అన్నదే పరిశోధన. మీ వాక్యం రైతులే తూము తీసుకుంటారని చెప్తోంది.

ప్రశ్న తీసేస్తే ఇంకో ఇబ్బంది. "మూసుడు కాదు" అన్నది దేనికి జవాబో తెలియదు.

మాధవీ, కాగితం పక్కన పెట్టి ఆడియో వినండి. ఆ "ఆఁ" అమ్మాయి "మూసేస్తారా" పూర్తిచేశాక వచ్చిందా, ముందే మొదలైందా?

విశ్వనాథం: నేను కోర్టులో అనువాదకుడిగా పనిచేసి రిటైరయ్యాను. సాక్షి ఎంత అడ్డదిడ్డంగా చెప్పినా మామూలుగా ప్రశ్న జవాబులుగా రాయరు, సాక్షి తానే చెప్పుకుపోయినట్టు కథనంగా రాస్తారు. అవసరమనుకున్న చోట మాత్రమే ప్రశ్నను కూడా ఎక్కిస్తారు. మీరు కూడా అలా కథనం చేసేస్తే ఏ గొడవా ఉండదు.

వరలక్ష్మి: అక్కడ రాసే జడ్జి ఎదురుగా సాక్షి ఉంటాడు విశ్వనాథం గారూ, తప్పుంటే చదివి వినిపించినప్పుడు దిద్దించుకుంటాడు. ఈ పెద్దాయనకు మన ఇంగ్లీషు ఎవరు చదివి వినిపిస్తారు? అయితే అవసరమైన చోట ప్రశ్నను ఎక్కిస్తారన్నారే, ఆ పద్ధతి ఇక్కడికి సరిగ్గా సరిపోతుంది.

మాధవి: విన్నాను. ఆడియో పక్కన మాటలు రాసుకునే ELAN అనే సాఫ్ట్‌వేర్‌లో ఇద్దరికీ చెరో వరుస పెట్టి చూశాను. మొదటి "ఆఁ" ఆమె "మూ" అనేటప్పటికే మొదలైంది. రెండోది ఆమె మాట పూర్తయ్యేలోపే అయిపోయింది. టైపు చేసినవాళ్ళు వాటిని కింది వరుసలోకి దించేసరికి జవాబులా కనిపిస్తున్నాయి. ఇంకోటి, గొంతు సాగదీసి అన్నారు, "ఉండు, చెప్తున్నా" అన్నట్టుగా.

వరలక్ష్మి: ఇంకేం, సంగతి తేలిపోయింది. ప్రశ్న పూర్తవకముందే వచ్చిన "ఆఁ" ఆ ప్రశ్నకు జవాబు కాదు. తన మాట చేజారకుండా పట్టుకోవడానికి అన్నది. ఇంగ్లీషులో దానికి "యెస్" పెట్టకూడదు. ఒకవేళ ప్రశ్న ముగిశాక, చిన్న విరామం తర్వాత వచ్చి ఉంటే నేను తీయనిచ్చేదాన్ని కాదు. అప్పుడది ముందు ఒప్పుకుని తర్వాత సవరించుకోవడం అయ్యేది, చదివేవాళ్ళకు అదీ తెలియాలి.

నర్సింహ: మాది సిద్దిపేట. "తీసుడు", "దుంకినంక" చూసి సంబురమైంది. మాధవి గారూ, ఒక మాట. ఇట్ల మీద మీద మాట్లాడుకున్న కాడ టైపు చేసేటోళ్ళు ఒకరి మాట ఇంకొకరికి రాస్తరు. "బిడ్డా", "తీస్తడు" ఉంటే పెద్దాయనది, "అండీ", "మూసేస్తారా" ఉంటే అమ్మాయిది అని పట్టుకోవచ్చు.

మాధవి: చాలావరకు అలాగే పట్టుకున్నాను నర్సింహ గారూ. కానీ పది నిమిషాలు గడిచాక ఆ అమ్మాయి కూడా ఆయన మాటే తిప్పి అడగడం మొదలుపెట్టింది. ఒకచోట "నీరటాయన తీసుడేనా?" అని ఉంది, రాతప్రతిలో అది పెద్దాయన పేరు మీద ఎక్కింది. గొంతు వింటే తప్ప తెలియదు.

శ్రీధర్: సరే, ఒప్పుకున్నా. మరి చివరికి కాగితం మీద ఏం పెడతారు? సంభాషణ విశ్లేషణ వాళ్ళలా వరుసల మధ్య చదరపు బ్రాకెట్లు పెడతారా?

వరలక్ష్మి: గెయిల్ జెఫర్సన్ పద్ధతి సంగతేగా మీరనేది. ఎవరి మాట తర్వాత ఎవరి మాట ఎలా వస్తుందన్నదే పరిశోధించేవాళ్ళకు అది కావాలి. 1974 లో శాక్స్, షెగ్లాఫ్‌లతో కలిసి ఆమె రాసిన వ్యాసం ఆ మాటల వరుస మీదే నడుస్తుంది. ఇక్కడ చదివేది నీళ్ళ పంపకం గురించి. అడ్డు తగిలిన చోట పొడుగు గీత, తనంతట తాను ఆగిన చోట మూడు చుక్కలు చాలు. ఈ రెండూ కలిసిపోకుండా చూసుకోండి. ఇప్పుడున్న రాతప్రతిలో "ఆఁ, ఆఁ" తర్వాత చుక్కలున్నాయి, అక్కడ ఆయన ఆగనే లేదు.

మాధవి: ఇలా రాశాను, చూడండి.

పెద్దాయన: వన్స్ ది వియర్ ఈజ్ ఫ్లోయింగ్, ఆజ్ ఫర్ ది స్లూస్, వీ—
అమ్మాయి: యూ క్లోజ్ ఇట్?
పెద్దాయన: నాట్ క్లోజ్, మై చైల్డ్. ఓపెన్. ది నీరటి ఓపెన్స్ ఇట్.

తూమును ముందుకు తేవడంతో క్రియ ఇవ్వకుండానే వాక్యం నిలబడింది. "ఆఁ"లు తీసేశాను. అవి ప్రశ్న మీద పడ్డాయని, అందుకే వదిలేశానని కింద ఒక గమనిక పెట్టాను. నీరటిని అలాగే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ఆయన చెరువు నీళ్ళు పారించే ఊరి మనిషి అని చెప్పాను.

శ్రీధర్: బాగుంది. కానీ "ఆజ్ ఫర్ ది స్లూస్" ఒక పల్లెటూరి పెద్దాయన నోట్లో కొంచెం ఆఫీసు భాషలా లేదూ? "ది స్లూస్, వీ—" అంటే చాలదా?

వరలక్ష్మి: అలా రాస్తే ఆయనకు మాట సరిగా రాదేమో అనుకుంటారు. తెలుగులో ఆయన వాక్యం వంక పెట్టడానికి లేదు, మధ్యలో ఇంకొకరు తెంపారంతే. నా ఓటు మాధవి రాసిందానికే.

నర్సింహ: నాకైతే శ్రీధర్ గారిదే ఆయన మాట్లాడినట్టు వినబడ్తున్నది. ఇంకో సంగతి, ఆ "మేము" ఎవరు? రైతులా, నీరటోళ్ళ ఇంటోళ్ళా? ఆయన నీరటి ఇంటోడే అయితే "మేము" అన్నా "నీరటాయన" అన్నా ఒకటే అయితది కదా?

మాధవి: రికార్డింగు మొదట్లో ఆయన తన గురించి చెప్పే చోట కూడా ఇద్దరి మాటలూ కలిసిపోయి ఉన్నాయి. ఆ భాగం హెడ్‌ఫోన్‌తో మళ్ళీ వింటాను. తేలకపోతే "వీ" అలాగే ఉంచి, ఎవరో స్పష్టంగా లేదని గమనికలో రాస్తాను. రికార్డు చేసిన అమ్మాయిని కూడా అడుగుతాను.