అప్‌డేట్: కాల్ వెయిటింగ్, కాన్ఫరెన్స్ రెండూ వచ్చేశాయి

నేను అడిగింది: "నేను ఫోన్లో ఉంటే వేరేవాళ్లకి బిజీ అని వస్తోంది, కాన్ఫరెన్స్‌లో మెర్జ్ నొక్కితే కలవట్లేదు, ఫోన్ ప్రాబ్లమా సిమ్ ప్రాబ్లమా?"

సిమ్‌దేనండి. కాల్ సెట్టింగ్స్‌లో కాల్ వెయిటింగ్ ఆన్ చేస్తే రెండు సెకన్లు తిరిగి మళ్ళీ ఆఫ్ అయిపోయేది, అందుకే ఇక్కడ చెప్పినట్టు డయలర్‌లో ఇది కొట్టి చూశా:

```
*#43#
```

ఇది స్టేటస్ చూడటానికే, ఆన్ చెయ్యాలంటే `*43#`. రెండిటికీ "Connection problem or invalid MMI code" అనే వచ్చింది. అప్పుడు నా సిమ్ తీసి అమ్మ ఫోన్లో వేశా, అక్కడా అదే ఎర్రర్, అమ్మ సిమ్ నా ఫోన్లో వేస్తే మాత్రం రెండూ శుభ్రంగా పనిచేశాయి, దాంతో ఫోన్ మీద అనుమానం పోయింది.

కస్టమర్ కేర్‌కి చేస్తే మొదట రీస్టార్ట్ చెయ్యమన్నారు, నేను సిమ్ మార్చి చూసిన సంగతి చెప్పి నా నంబర్ ప్రొఫైల్‌లో కాల్ వెయిటింగ్, కాల్ హోల్డ్, కాన్ఫరెన్స్ ఉన్నాయో లేదో చూడమని గట్టిగా అడిగా. నంబర్ పోర్ట్ చేసినప్పుడు ఆ మూడూ యాడ్ అవ్వలేదంట! హోల్డ్ లేకపోతే మొదటి కాల్ ఆగదు, ఇక మెర్జ్ ఎలా అవుతుంది. వాళ్లు అవి యాడ్ చేశాక మర్నాడు ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేశా, `*43#` కొడితే ఆన్ అయింది, నిన్న రాత్రి అమ్మనీ అక్కనీ ఒకే కాల్‌లో కలిపా. సిమ్ మార్చి చూడమన్న అన్నకి చాలా థాంక్స్.