బంకమట్టి మీద కాంటిలీవర్ రిటైనింగ్ గోడ: జారుడు లెక్కలో 0.5 పెట్టవచ్చా?

జూనియర్ ఇంజనీరు, బొబ్బిలి

చెరువు పక్కన ఉన్న ఒక బడి ఆటస్థలానికి గోడ డిజైన్ చేస్తున్నాను. బేస్ అడుగు నుంచి ఎత్తు 4.5 మీటర్లు, బేస్ వెడల్పు 2.8 మీటర్లు (టో 0.8, స్టెమ్ 0.4, హీల్ 1.6). వెనక గ్రావెల్, కింద బంకమట్టి. బరువు మీటరుకు 189 కిలోన్యూటన్లు, తోపు 61. ఒరుగుడుకు 3.5 వచ్చింది. ఘర్షణ గుణకం 0.5 తీసుకుంటే జారుడుకు 1.55 వచ్చింది. టో కింద పీడనం 96, మట్టి రిపోర్టు ఒప్పుకున్నది 100. గోడ సురక్షితమేనా?

డిజైన్ ఇంజనీరు, విజయనగరం

ఒరుగుడు గురించి మీరు దిగులు పడనక్కరలేదు, ఈ కొలతలకు అది ఎలాగూ నిలుస్తుంది. నా అభ్యంతరమంతా ఆ 0.5 మీదే. అది ఇసుక, గ్రావెల్ వంటి నేలకు చెల్లే అంకె. బంకమట్టి మీద గోడ కట్టి వెనక మట్టి నింపిన తొలి నెలల్లో అడుగున నీరు బయటికి పోయే వ్యవధి ఉండదు కాబట్టి, పైన ఎంత బరువు ఉన్నా జారుడును ఆపేది ఆ మట్టి కొహీషన్ ఒక్కటే. మీ రిపోర్టు ఒప్పుకున్న 100ను బట్టి చూస్తే కొహీషన్ సుమారు 40 ఉండాలి. కాంక్రీటుకూ మట్టికీ మధ్య అందులో మూడింట రెండు వంతులు, అంటే 27 పనిచేస్తుందనుకుంటే, 2.8 మీటర్ల వెడల్పుకు 75 వస్తుంది. దాన్ని 61తో భాగిస్తే 1.23 మాత్రమే. మీ 1.55 అక్కడ నిలవడం లేదు.

ఇంతకీ ఆ నమూనా ఏ నెలలో తీశారు?

జూనియర్ ఇంజనీరు, బొబ్బిలి

మే నెలలో తీశారు మేడమ్. కొహీషన్ 40 అనే ఉంది. సహజ తేమ ప్లాస్టిక్ లిమిట్ కంటే తక్కువగా చూపించారు.

డిజైన్ ఇంజనీరు, విజయనగరం

అయితే ఆ 40 ఎండాకాలపు బలం. తేమ ప్లాస్టిక్ లిమిట్‌కు దిగువన ఉన్న బంకమట్టి, చెరువు నిండి అడుగున నీరు చేరిన తరువాత అదే బలంతో ఉండదు. 30కి పడిందనుకోండి, జారుడు 0.92కు దిగిపోతుంది. వానలు పడ్డాక టో ఉండే చోట గుంట తీయించి, అదే లోతులో వేన్ షియర్ పరీక్ష చేయించకుండా ఈ డిజైన్ మీద సంతకం పెట్టవద్దని నా మనవి.

కాంట్రాక్టరు, పలాస

మీరందరూ అడుగు మట్టి గురించే మాట్లాడుతున్నారు కానీ, నేను చూసిన గోడ వెనక నీటి వల్ల పోయింది. 2018లో తిత్లీ తుపాను వానలకు మా వైపు ఒక తోట గోడ ముందుకు వంగింది. వీప్ హోల్స్ పెట్టారు, కానీ వాటి వెనక కంకర వేయకుండా తవ్విన బంకమట్టినే తిరిగి నింపేశారు. ఒక్క రంధ్రం నుంచి కూడా నీరు కారలేదు. గోడ పైఅంచు వెంట నేల వేలు దూరేంత వెడల్పున పగిలింది. కాబట్టి ముందు రంధ్రాలు పెంచండి, లెక్కలు తరువాత చూసుకోవచ్చు.

రిటైర్డు ఇంజనీరు, శ్రీకాకుళం

పలాస వారి అనుభవం నిజమే, కానీ ఇక్కడ అడిగిన ప్రశ్న వేరు. ఈ గోడ వెనక గ్రావెల్ ఉంది. అయినా ఆ నీరు బయటికి పోకుండా పైదాకా నిలిస్తే, 61గా ఉన్న తోపు 130 దాటుతుందని ఈ అబ్బాయి గుర్తుంచుకోవాలి. అప్పుడు ఏ పునాదీ సరిపోదు. కంకర పొర లేకపోతే రంధ్రాలు ఎన్ని పెట్టినా ప్రయోజనం ఉండదు.

జారుడుకు నా సలహా ఏమంటే హీల్‌ను 2 మీటర్లు చేయండి. మీద మట్టి పెరిగి బరువు 222 అవుతుంది, గోడ కదలదు.

డిజైన్ ఇంజనీరు, విజయనగరం

మీ సలహాలో సగంతో ఏకీభవిస్తాను సార్. వెడల్పు 3.2 కావడం వల్ల కొహీషన్‌కు చోటు పెరుగుతుంది, మేలు అక్కడి నుంచే వస్తుంది. మీద పెరిగిన మట్టి బరువు తొలి దశ జారుడుకు పిసరంత కూడా సాయపడదు, పైగా బేరింగ్‌కు భారమవుతుంది.

రిపోర్టులోని 100 నిలువు బరువుకు ఇచ్చినది. గోడ బరువు, తోపు కలిసి మట్టి మీద వాలుగా పడతాయి. మొదటి కొలతలకు ఆ వాలు నిలువు నుంచి దాదాపు 18 డిగ్రీలు. ఐ.ఎస్. 6403 ప్రకారం కొహీషన్ భాగాన్ని 0.64తో గుణించాలి. పునాది నేలకు 1 మీటరు లోతున ఉందనుకుని లెక్కిస్తే, ఆ 100 కాస్తా 71 అవుతుంది. బలం కేంద్రం పక్కకు జరిగినందువల్ల పనిచేసే వెడల్పు 2.4 మీటర్లే, దాని మీద పీడనం 78. కాబట్టి మే నెల బలంతో కూడా బేరింగ్ చాలలేదు. టో కింది 96ను రిపోర్టులోని 100తో పోల్చి ఊరుకోవడం మనలో చాలామంది చేస్తున్న పొరపాటు.

అదే 0.4 మీటర్లను టో వైపు పెంచి చూడండి. బరువు 193 దగ్గరే ఆగుతుంది, బలం దాదాపు నడిమికి వస్తుంది, పీడనం 62కు దిగుతుంది, 40 కొహీషన్‌కు 71 దొరుకుతుంది. హీల్ పెంచితే పీడనం 75 దగ్గరే ఉండిపోతుంది, దొరికేదీ 75కు కాస్త లోపే.

రిటైర్డు ఇంజనీరు, శ్రీకాకుళం

మీ బేరింగ్ లెక్కను ఒప్పుకుంటున్నాను. వాలును నేను పట్టించుకోలేదు. కానీ అమ్మా, తొలి నెలలు మాత్రమే చూస్తే ఎలా? కొన్నేళ్లకు మట్టిలోని నీటి పీడనం సర్దుకున్నాక కొహీషన్ మీద ఆధారపడలేము, అప్పుడు బరువే దిక్కు. ఫై 24 డిగ్రీలనుకుంటే, మీ టో పద్ధతిలో జారుడు 1.41, నా హీల్ పద్ధతిలో 1.62. గోడ నిలవవలసింది యాభై ఏళ్లు కదా.

డిజైన్ ఇంజనీరు, విజయనగరం

ఆ మాట కాదనలేను. అందుకే టో పెంచి, బేస్ కింద షియర్ కీ కూడా ఇస్తాను. కీ ఉంటే జారే తలం కాంక్రీటు అడుగును వదిలి మట్టిలోకి దిగుతుంది. అప్పుడు మూడింట రెండు వంతులు కాక పూర్తి కొహీషన్ తీసుకోవచ్చు. 30కి కూడా 3.2 వెడల్పుతో 96, అంటే సుమారు 1.57. కీ లోతు మేరకు వెనక తోపు కొంత పెరుగుతుంది, దాన్ని కలిపి మళ్లీ చూడాలి. టో ముందున్న మట్టి ఆపుతుందని మాత్రం లెక్కలో చేర్చవద్దు. వేసవిలో అది బీటలు వారుతుంది, రేపు ఎవరైనా అక్కడ కాలువ తవ్వవచ్చు.

కాంట్రాక్టరు, పలాస

కీ తవ్వడం కాగితం మీద తేలికే. బంకమట్టి గుంటలో ఒక వాన పడితే అడుగు బురదవుతుంది. ఆఖరి అరడుగు మట్టిని కాంక్రీటు వేసే రోజు ఉదయమే తీయించి, అదే పూట పి.సి.సి. పరిచేస్తేనే మీరు చెప్పే కొహీషన్ మిగులుతుంది.

జూనియర్ ఇంజనీరు, బొబ్బిలి

టో 0.4 మీటర్లు పెంచితే చెరువు హద్దు రాయి దాటుతుంది, హీల్ పెంచితే బడి ప్రహరీ పునాది తగులుతుంది. 30 కొహీషన్‌తో లెక్కిస్తే టో పద్ధతిలో కూడా బేరింగ్‌కు 58 మాత్రమే దొరుకుతోంది, పడేది 62. గోడ ఎత్తునే అరమీటరు తగ్గించి పైన వాలుకట్ట ఇవ్వవచ్చా అని ఆలోచిస్తున్నాను. వాలు వల్ల తోపు పెరుగుతుంది కాబట్టి ఎంత మిగులుతుందో తెలియడం లేదు. వేన్ షియర్ ఫలితం వచ్చాక అంకెలతో తిరిగి అడుగుతాను.