ఓనరు గారి గొంతు క్లోన్ చేసి 30 సెకన్ల యాడ్: డిస్‌క్లోజర్ ఎక్కడ పెట్టాలి?

గోదారి_గట్టు:
ఆత్రేయపురం పూతరేకుల షాపుకి సంక్రాంతి యాడ్. ఓనరు గారు గొంతు శాంపిల్ ఇచ్చారు, అనుమతి కాగితం మీద ఉంది. అదే ఆడియో రీల్‌కీ, ఎఫ్‌ఎంకీ వాడాలి. స్క్రిప్టులో ముఖ్యమైన లైన్లు ఇవి: "రూ.499కే 20 పూతరేకుల బాక్స్. నేనే దగ్గరుండి రుచి చూసి పంపిస్తాను." వింటే మిషను చదివినట్టే ఉంది. గొంతు ఏఐదని చెప్పే డిస్‌క్లోజర్ మొదట్లోనా, చివర్లోనా? అనుమతి కాగితానికి గడువు రాయాలా?

స్వరశిల్పి:
తెలుగు వాయిస్‌ఓవర్ స్క్రిప్టులే నా పని, కాబట్టి గట్టిగా చెప్తున్నాను. తప్పు స్క్రిప్టు చదివే ఏఐ ఇంజిన్‌ది కాదు, రాతది. "499కే" అని అంకెకి ప్రత్యయం అంటిస్తే అంకె చదివి, ఆగి, "కే" విడిగా అంటుంది. "నాలుగు వందల తొంభై తొమ్మిది రూపాయలకే" అని అక్షరాల్లో రాయండి. నిడివి పదాల్లో లెక్కపెట్టొద్దు, మన పదాలు పొడుగు. నోటితో పలికే అక్షరాలు లెక్కపెట్టండి. 30 సెకన్లకి మరీ ఎక్కువైతే ఊపిరి తీసుకోని మనిషిలా వినిపిస్తుంది.

కట్_పేస్ట్_హైదరాబాద్:
అవన్నీ తర్వాత. రూలు 10 శాతం. 30 సెకన్ల ఆడియోలో మొదటి 3 సెకన్లు డిస్‌క్లోజరే ఉండాలి.

నిబంధనల_రామం:
అది 2025 అక్టోబరు ముసాయిదాలో మాట. 2026 ఫిబ్రవరి 20 నుంచి అమల్లోకొచ్చిన ఐటీ రూల్స్ సవరణలో శాతం లెక్క తీసేశారు. ఆడియోకి ముందుగానే, స్పష్టంగా వినపడేలా చెప్పాలి, అంతే.

కట్_పేస్ట్_హైదరాబాద్:
3 సెకన్లు పెడితే నష్టమేంటి? ఊరికే తప్పులు పట్టడం దేనికి?

నిబంధనల_రామం:
నష్టముంది. 3 సెకన్లు నింపాలని ఒకరు లైను సాగదీస్తారు, ఇంకొకరు 3 సెకన్లలో ఇరికించాలని స్పీడు పెంచేస్తారు. పరుగెత్తించిన డిస్‌క్లోజర్ చెవిన పడదు. లేని రూలు చెప్పి జనాన్ని తిప్పలు పెట్టకండి. ఇంకోటి, ఆ రూల్స్ ఆన్‌లైన్ ప్లాట్‌ఫామ్‌ల కోసం. రీల్ అప్‌లోడ్ చేసేటప్పుడు సింథటిక్ అని మీరే డిక్లేర్ చేయాలి. ఎఫ్‌ఎం దాని కిందికి రాదు, అక్కడ వినేవాళ్లని తప్పుదారి పట్టించకూడదన్న యాడ్ నియమాలు చూసుకోవాలి.

మైకు_ముందు:
ఎఫ్‌ఎంకి వేరే ఏదీ అక్కర్లేదన్నట్టు అర్థమవుతోంది. ఓనరు గొంతు ఆ ఊళ్లో అందరికీ తెలుసు. ఆయనే మాట్లాడాడనుకుంటారు కదా?

నిబంధనల_రామం:
అక్కర్లేదనలేదు. రెండు చోట్లా పెట్టమనే నా సలహా.

డాలస్_పద్మ:
మాకు ఉగాది ఈవెంట్ ప్రోమోకి ఒక హీరో గొంతు కావాలి. డిస్‌క్లోజర్ పెడితే సరిపోతుందా?

నిబంధనల_రామం:
సరిపోదండీ. అనుమతి వేరు, డిస్‌క్లోజర్ వేరు. అరిజిత్ సింగ్ గొంతు క్లోనింగ్ కేసులో 2024లో బాంబే హైకోర్టు ఆయనకి రక్షణ ఇచ్చింది. మీరున్న రాష్ట్రం చట్టం కూడా చూసుకోండి.

స్వరశిల్పి:
అసలు చిక్కు "రుచి చూసి" దగ్గరుంది. "రుచి"లో తాలవ్య చ, "చూసి"లో చాలామంది నోట దంత్య చ. రాతలో రెండూ ఒకటే. ఇంజిన్ రెండింటినీ ఒకేలా పలికితే గోదావరి చెవికి వెంటనే తెలిసిపోతుంది.

కట్_పేస్ట్_హైదరాబాద్:
"త్సూసి" అని రాసి చూడండి.

స్వరశిల్పి:
కొన్ని గొంతుల్లో నడుస్తుంది, చాలా వాటిలో త, స విడిపోయి నత్తిలా వస్తుంది. మాట మార్చడమే మేలు: "నోట్లో వేసుకుని".

మైకు_ముందు:
ఉచ్చారణ సరే, ఆ మాట నిజమేనా? ఓనరు ప్రతి బ్యాచ్ రుచి చూడకపోతే ఎంత డిస్‌క్లోజర్ పెట్టినా అది అబద్ధపు హామీనే. గొంతు ఏఐదని చెప్పడం ఆ మాటకి మాఫీ కాదు.

గోదారి_గట్టు:
అడిగాను. ఆయన చూడరట, వాళ్ల అమ్మాయి చూస్తుందట. లైను మార్చాను. ఇంజిన్ "ఏఐ"ని "ఏయ్" అని పలికింది, అందుకే విడదీసి రాశాను:

```
<speak>
నమస్కారం. ఇది ఏ ఐ తో చేసిన నా గొంతు.
<break time="400ms"/>
ఇరవై పూతరేకుల బాక్స్,
నాలుగు వందల తొంభై తొమ్మిది రూపాయలకే.
మా అమ్మాయి నోట్లో వేసుకుని
బాగుందంటేనే బాక్స్ కడతాం.
</speak>
```

డిస్‌క్లోజర్ 15 అక్షరాలే, మామూలు వేగంలో 3 సెకన్ల లోపు అయిపోతోంది.

మైకు_ముందు:
రీల్‌ని చాలామంది సౌండ్ లేకుండా చూస్తారు. అదే మాట తెరమీద తెలుగులో కూడా వేయండి.

స్వరశిల్పి:
డిస్‌క్లోజర్ లైను క్లోన్ గొంతుతో కాకుండా వేరే మనిషితో చెప్పిస్తే ఇంకా స్పష్టం.

నిబంధనల_రామం:
ఒప్పుకోను. గొంతు మారితే అది వేరే యాడ్ ముక్క అనుకుని వదిలేస్తారు. "నా గొంతు" అని ఆ గొంతే చెప్పాలి.

స్వరశిల్పి:
ఎఫ్‌ఎంలో ముందు యాడ్ తోక మీద పడి మొదటి మాటలు మింగేస్తే? కనీసం "నమస్కారం" ముందు అర సెకను ఖాళీ ఉంచండి.

గోదారి_గట్టు:
రెండు రకాలుగానూ రెండర్ చేసి, షాపులో నలుగురికి వినిపించి చెప్తాను. గడువు సంగతి ఎవరూ చెప్పలేదు.